పైల్స్ ఇంజెక్షన్లు వేయించుకున్నా రక్తం, జిగురు ఆగడం లేదు: ఆపరేషన్ చేయించుకోవాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 31. అనంతపురంలో బట్టల షాపులో పనిచేస్తాను. ఎనిమిది నెలలుగా మోషన్‌లో రక్తం, బంక పడుతున్నాయి. పైల్స్ అని చెప్పి రెండుసార్లు ఇంజెక్షన్ వేశారు, తగ్గలేదు. రోజుకు ఐదారుసార్లు అర్జెంటుగా వెళ్లాల్సి వస్తోంది, తీరా వెళితే కాస్త బంక, రక్తం తప్ప ఏమీ రాదు. తెల్లవారుజామున కూడా లేవాల్సి వస్తోంది. ఇప్పుడు లేజర్ ఆపరేషన్ చేయించుకోమంటున్నారు. చేయించుకోవాలా?

జవాబు: ఆపరేషన్‌కు ఇప్పుడే ఒప్పుకోవద్దు. ముందుగా పెద్దపేగు చివరి భాగాన్ని కెమెరా గొట్టంతో చూసి, లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఉత్తరం చదివి జబ్బును నిర్ధారించలేను గానీ, మీరు రాసిన లక్షణాలు పైల్స్ కంటే అల్సరేటివ్ కొలైటిస్ అనే పేగుపూత జబ్బుకే ఎక్కువగా సరిపోతున్నాయి.

పైల్స్ అంటే మలద్వారం దగ్గర మెత్తల్లా ఉండే రక్తనాళాలు ఉబ్బడం. వాటి రక్తం ఎర్రగా, తాజాగా ఉండి, మలం దిగాక బొట్లు బొట్లుగా పడుతుంది, లేదా మలం పైన చారలా అంటుకుంటుంది. బయటికి జారిన పైల్స్ వల్ల కొంచెం జిగురు ఊరి లోదుస్తులకు అంటుకునే మాట నిజమే. అయితే పైల్స్ మిమ్మల్ని నిద్రలోంచి లేపవు, మలం లేకుండానే పదేపదే పరుగెత్తించవు. అలా చేసేది పురీషనాళం, అంటే మలం బయటికి వచ్చే ముందు నిలవ ఉండే సంచి. దాని లోపలి పొర వాచి పుండుపడినప్పుడు ఆ సంచి సాగే గుణం కోల్పోతుంది, చెంచాడు జిగురు చేరినా నిండిపోయినట్టు మెదడుకు కబురు పంపుతుంది. అందుకే అంత తొందరపెట్టినా తీరా కూర్చుంటే బంక, రక్తం మాత్రమే వస్తాయి.

ఈ జబ్బు దాదాపు ఎప్పుడూ పురీషనాళంలోనే మొదలై, కొందరిలో అక్కడే ఆగిపోతుంది, కొందరిలో పైకి పాకుతుంది. కింది భాగానికే పరిమితమైన వారిలో ఒక చిత్రం జరుగుతుంది: వాచిన భాగానికి పైన ఉన్న పేగులో మలం కదలిక మందగించి, గట్టిపడి, మలబద్ధకం వస్తుంది. ముక్కుతూ పోవాల్సిన గట్టి మలం, దానితో పాటు రక్తం అని చెప్పగానే పేషెంటుకూ, చూసే వైద్యునికీ పైల్స్ తప్ప మరొకటి తట్టదు. పైగా పైల్స్ చాలామందిలో ఉంటాయి కాబట్టి, వేలితో చూసినా, చిన్న గొట్టంతో చూసినా ఒకటి రెండు కనిపించవచ్చు. అవి కనిపించినంత మాత్రాన రక్తం వాటి నుంచే వస్తోందని తేలినట్టు కాదు. నా దృష్టిలో ఈ పొరపాటుకు మూలం ఇక్కడే ఉంది.

గత ఏడాది డోన్ వైపు నుంచి 34 ఏళ్ల దర్జీ ఒకరు మా ఓపీకి వచ్చారు. రెండేళ్ల పాటు పైల్స్ మందులు వాడి, ఒకసారి పైల్స్‌కు రబ్బరు బ్యాండ్ కూడా వేయించుకున్నారు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.4కు పడిపోయి ఉంది. ఎనిమా ఇచ్చి సిగ్మాయిడోస్కోపీ, అంటే పైన చెప్పిన కెమెరా గొట్టం పరీక్ష, చేశాం. ఆరోగ్యంగా ఉన్న పేగు పొర లేత గులాబీ రంగులో మెరుస్తూ, దాని కింద సన్నని రక్తనాళాలు ఆకు ఈనెల్లా కనిపిస్తాయి. ఆయనకు మలద్వారం నుంచి సుమారు 15 సెంటీమీటర్ల దాకా ఆ ఈనెలు ఒక్కటీ కనిపించలేదు. పొరంతా ఎర్రగా, గరుకుగా ఉండి, గొట్టం తగిలిన చోటల్లా రక్తం చిమ్మింది. దాని పైన గీత గీసినట్టుగా మామూలు పేగు మొదలైంది. చిన్న పైల్స్ రెండు ఉన్నాయి గానీ వాటి నుంచి రక్తం రావడం లేదు. ముక్క పరీక్షలో అల్సరేటివ్ కొలైటిస్ అని తేలింది.

ఆయనకు రాత్రి పడుకునే ముందు మలద్వారంలో పెట్టుకునే, పేగు వాపు తగ్గించే మెసలమిన్ సపోజిటరీ, 1 గ్రాముది, ఇచ్చాం. మందు అనగానే నోటితో మింగేదే అనుకుని చాలామంది దీనికి ఇబ్బంది పడతారు. కానీ జబ్బు పురీషనాళంలో ఉన్నప్పుడు మందు నేరుగా అక్కడికే చేరాలి, మాత్ర ఒక్కటే మింగితే అంత బాగా పనిచేయదు. మలవిసర్జన అయ్యాక, ఎడమ పక్కకు తిరిగి పడుకుని, వేలి పొడవున లోపలికి పెట్టుకుని తెల్లవారే దాకా ఉంచుకోవాలి. మూడు వారాల్లో ఆయనకు రక్తం ఆగింది, తగ్గిందని మందు మానేశారు, నాలుగు నెలలకు మళ్లీ మొదలైంది. ఈ జబ్బు స్వభావమే అంత. లక్షణాలు తగ్గాక కూడా డాక్టరు చెప్పినంత కాలం మందు కొనసాగాలి. జబ్బు పైకి పాకి ఉంటే మాత్రలు, ఎనిమాలు అవసరమవుతాయి. తీవ్రంగా ఉంటే కొన్ని వారాల పాటు స్టెరాయిడ్లు, అవీ చాలకపోతే రోగనిరోధక శక్తిని అదుపుచేసే మందులు ఇస్తారు.

మీ విషయంలో మొదట మలపరీక్ష, మలంలో క్రిములున్నాయేమో చూసే కల్చర్, హిమోగ్లోబిన్, ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ రక్తపరీక్ష చేయించండి. అమీబా లేదని తేల్చుకోవడం మన దగ్గర తప్పనిసరి, ఎందుకంటే అమీబా పుండ్లు ఉన్న పేగుకు కొలైటిస్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే పేగు చిల్లు పడే ప్రమాదం ఉంది. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష పేగు వాపును చూపుతుంది, 50 లోపు ఉంటే వాపు ఉండే అవకాశం తక్కువ, 250 దాటితే చాలా ఎక్కువ. అయితే దానికి డబ్బు ఇబ్బంది అయితే ఆగకుండా నేరుగా సిగ్మాయిడోస్కోపీకే వెళ్లండి, పది నిమిషాల పని. పొర బాగానే కనిపించినా ముక్క తీయమని అడగండి. జబ్బు తేలితే ఎంత దూరం ఉందో చూడడానికి పెద్దపేగు మొత్తాన్నీ కెమెరా గొట్టంతో చూసే పూర్తి కొలనోస్కోపీ చేస్తారు. అక్కడక్కడా మచ్చలుగా పుండ్లు, మలద్వారం పక్కన చీము కారే ఫిస్టులా ఉంటే క్రోన్స్ అనే మరో జబ్బును అనుమానించాలి, అందులో పేగు టీబీని వేరు చేయడమే పెద్ద పని. వాచిన పేగుతో, ముఖ్యంగా క్రోన్స్ ఉన్నవారిలో, మలద్వారం దగ్గర ఆపరేషన్ చేస్తే పుండు మానక ఇబ్బంది ముదురుతుంది. మిమ్మల్ని ఆపరేషన్ ఆపమనడానికి కారణం ఇదే.

తిండి విషయం చాలామంది అడుగుతారు. మన కారం వల్ల ఈ జబ్బు రాదు. రక్తం పడుతున్న రోజుల్లో పచ్చిమిరపకాయ ఊరిమిండి, పచ్చి కూరగాయలు పడకపోతే తగ్గించండి, సంగటి, పెరుగన్నం, పప్పు మామూలుగా తినవచ్చు. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు వేసుకుంటే జబ్బు తిరగబెట్టవచ్చు.

పరీక్షలకు వెళ్లే లోపు రక్తంతో విరేచనాలు రోజుకు ఆరు దాటినా, వాటితో పాటు జ్వరం వచ్చినా, నాడి నిమిషానికి 90 మించినా, పొట్ట ఉబ్బి నొప్పి పెట్టినా అదే రోజు ఆసుపత్రిలో చేరండి. అలాంటప్పుడు విరేచనాలు ఆగడానికి లోపెరమైడ్ మాత్ర వేసుకోవద్దు, వాపు తీవ్రంగా ఉన్న పేగును అది ఉబ్బించి ప్రాణం మీదికి తేవచ్చు. మీకు వేసిన ఇంజెక్షన్ల చీటీలు, ఇప్పటిదాకా వాడిన మందుల పేర్లు వెంట తీసుకెళ్లండి.

— గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్, కర్నూలు