కట్ట తెగిందా, తెగుతుందా?

సందేహం: మా బాబు తొమ్మిదో తరగతి. నిన్న జరిగిన సంగతిని కూడా ఇంగ్లిష్ పేపర్ హెడ్డింగ్‌లో వర్తమాన కాలంలోనే వేస్తారని వాళ్ల సార్ చెప్పారట. తెలుగు హోంవర్క్‌లో వాడు అలాగే రాస్తే తప్పు కొట్టారు. కానీ నేరేషన్ ఎక్సర్‌సైజ్‌లో కథంతా ‘వస్తాడు, అంటాడు’ అని రాస్తే ఒప్పుకున్నారు. ఒకచోట తప్పయింది ఇంకోచోట ఒప్పెట్లయింది? - ఒక తల్లి, హనుమకొండ

సమాధానం: అమ్మా, రెండుచోట్లా సరిగ్గానే దిద్దారు. చిక్కంతా ‘వస్తాడు, తెగుతుంది’ అనే రూపంలో ఉంది. బడిలో దీన్ని భవిష్యత్ కాలం అంటారు గానీ ఇది రేపటి పనినే కాదు, అలవాటునూ చెబుతుంది. ‘తాత రోజూ అయిదింటికి లేస్తాడు’ అంటే అలవాటు. ‘రేపు అయిదింటికి లేస్తాడు’ అంటే భవిష్యత్తు. క్రియ మారలేదు, పక్కనున్న మాటే అర్థం తేల్చింది. మన వైపు ‘వస్తడు’, ‘అత్తడు’ అన్నా ఇదే లెక్క.

హెడ్డింగ్‌లో ఆ పక్కమాట ఉండదు. 2023 జులై వానలకు భద్రకాళి చెరువు కట్ట తెగింది. ఇంగ్లిష్‌లో హెడ్డింగ్ పెట్టేవాళ్లు వర్తమాన క్రియ వేసినా చదివేవాళ్లు తెగిపోయిందనే అనుకుంటారు. జరగబోయేదానికి వాళ్ల హెడ్డింగుల్లో వేరే పద్ధతి ఉంది కాబట్టి తికమక రాదు. అదే తెలుగులో ‘భద్రకాళి చెరువు కట్ట తెగుతుంది’ అని పెట్టి చూడండి. పోతననగర్ వాళ్లు సామాను సర్దుకుంటారు! అది వార్తలా ఉండదు, హెచ్చరికలా ఉంటుంది.

మరి తెలుగు పేపర్లు ఏం చేస్తాయి? ‘కట్ట తెగింది’ అనే వాక్యాన్ని తిప్పి ‘తెగిన కట్ట’ అంటాయి. ఇలా తిప్పినప్పుడు క్రియకు చివరనుండే ‘ది’ పోతుంది, కాలం మాత్రం ‘తెగిన’లో నిలిచే ఉంటుంది. అందుకే ‘పొంగిన వాగులు’ వేరు, ‘పొంగుతున్న వాగులు’ వేరు. రెండోది చదివితే వాగు ఇంకా తగ్గలేదని తెలుస్తుంది. ఆ రోజు ఆ దారిన పోవాల్సిన మనిషికి ఈ తేడా చాలా పెద్దది.

ఇంకో పద్ధతి, క్రియే లేకుండా పేరుతో ముగించడం: ‘లారీ ఢీకొని ఇద్దరు మృతి’. ఇందులో కాలం అసలు లేదు, చనిపోవడం జరిగిపోయిన సంగతే కాబట్టి ఇబ్బంది రాలేదు. ‘జిల్లాలో మంత్రి పర్యటన’ అంటే మాత్రం వచ్చి వెళ్లాడా, రాబోతున్నాడా తెలియదు. ముందు ‘నేడు’ అనో ‘రేపు’ అనో పెట్టాల్సిందే. మీ బాబుకు హెడ్డింగ్ రాసే పని ఇస్తే, రాశాక ‘ఎప్పుడు?’ అని ఒక్కసారి అడుక్కోమనండి. జవాబు దొరకకపోతే అక్కడ ఓ మాట తక్కువైంది.

ఇక కథ సంగతి. సినిమా చూసొచ్చినవాళ్లు కథ చెప్పడం వినే ఉంటారు: ‘హీరో ఊళ్లోకి వస్తాడు, వాళ్ల నాయినను కొట్టినట్టు తెలుస్తది, నేరుగా వాళ్లింటికే పోతడు.’ రేపు పోతాడని ఎవరూ అనుకోరు. కథ చెబుతున్నానని ముందే తెలిసింది కదా, ఆ ఎరుకే ఇక్కడ పక్కమాట పని చేస్తుంది. జరిగిపోయినదాన్ని కళ్లముందు జరుగుతున్నట్టు చెప్పే ఈ తీరు తెలుగులో ఎరువు తెచ్చుకున్నది కాదు.

అయితే కాలం ఎక్కడ మారుస్తున్నామో చూసుకోవాలి. ఇది సరైనది: ‘మొన్న రాత్రి కాజీపేటలో రైలు దిగాను. వాన పడుతోంది. ఒక్క ఆటో లేదు. ఇంతలో వెనక నుంచి ఎవరో పిలుస్తారు. తిరిగి చూస్తే మా మేనమామ! ఇద్దరం కలిసి ఇంటికి వచ్చాం.’ మొదటి వాక్యం భూతకాలంలో చోటు చూపించింది, ఉత్కంఠ ఉన్నచోట ‘పిలుస్తారు’ వచ్చింది, సంఘటన ముగియగానే మళ్లీ భూతకాలం. ‘మామ దగ్గరికి వస్తాడు, గొడుగు ఇచ్చాడు, నవ్వుతాడు’ అంటే మాత్రం తప్పే. ఒకే సంఘటనలో వరసగా జరిగిన పనులు మూడూ ఒక్క కాలంలోనే నడవాలి.

పిల్లలు ఇంకోచోట కూడా దెబ్బతింటారు. ప్రత్యక్ష కథనాన్ని పరోక్షంలోకి మార్చమంటే, ఇంగ్లిష్‌లో ‘సెడ్’ ఉంటే లోపలి క్రియ సాధారణంగా వెనక్కి జరుగుతుంది, ‘సేస్’ ఉంటే జరగదు. ఆ అలవాటుతో ‘“నాకు ఈత రాదు” అన్నాడు మల్లయ్య’ అనేదాన్ని ‘తనకు ఈత వచ్చేది కాదని మల్లయ్య అన్నాడు’ అని రాస్తారు. దాంతో మల్లయ్యకు అప్పుడెప్పుడో ఈత రాకపోయేది, తర్వాత వచ్చిందని అర్థం మారిపోతుంది. తెలుగులో ‘అని’ కాలాన్ని కదిలించదు. బయట ‘అన్నాడు’ ఉన్నా ‘అంటాడు’ ఉన్నా లోపల ‘తనకు ఈత రాదని’ అనే ఉండాలి. మారేది ‘నాకు’ ఒక్కటే, ‘తనకు’ అవుతుంది. కథను వర్తమానంలో చెబుతున్నా ఇదే పద్ధతి.