డికాషన్ దించకముందు ఒక మాత్ర

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు, కాకినాడలో ఒంటరిగా ఉంటుంది. నేను పుణెలో ఉద్యోగం చేస్తున్నాను. థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టి ఏడాది దాటినా రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ అంకె అదుపులోకి రాలేదు. మందు సక్రమంగా వాడాలన్నారు డాక్టరు. రోజూ సాయంత్రం ఫోన్ చేసి “మందులు సరిగ్గా వేసుకుంటున్నావా?” అని అడుగుతాను. “వేసుకుంటున్నాను” అంటుంది. మొన్న గట్టిగా అడిగితే “నేనేమైనా చిన్నపిల్లనా?” అని ఫోన్ పెట్టేసింది. ఇంకెలా చెప్పాలి?

జవాబు: మీ అమ్మగారు అబద్ధం చెప్పడం లేదేమో. “సరిగ్గా” అన్న మాటకు ఆవిడ అర్థం వేరు, మీ అర్థం వేరు అయి ఉండవచ్చు. మన ఇళ్లలో తరచుగా కనిపించే వరస ఇది: తెల్లవారి లేవగానే కాఫీ, ఎనిమిదింటికి టిఫిను, ఆ తర్వాత డబ్బాలోని మాత్రలన్నీ ఒకేసారి. రోజూ వేసుకుంటున్నారు కాబట్టి ఆవిడ లెక్కలో అంతా సరిగ్గానే ఉంది. కానీ థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. అరగంట నుంచి గంట వరకు కాఫీ, టిఫిను ఏవీ తీసుకోకూడదు. కాల్షియం, ఐరన్ మాత్రలు ఉంటే నాలుగు గంటల ఎడం కావాలి. లేకపోతే మందు ఒంటికి పూర్తిగా పట్టదు.

అందుకే ముందు ఆరా తీయండి. మందుల ఊసెత్తకుండా “అమ్మా, లేచినప్పటినుంచి టిఫిను దాకా ఏమేం చేస్తావు?” అని అడగండి. ఆ కబుర్లలోనే మాత్రకు చోటు దొరుకుతుంది. రాత్రే ఫిల్టర్లో కాఫీపొడి వేసి, పొద్దున డికాషన్ దించుకునే అలవాటు ఉందనుకుందాం. అప్పుడు మీరు చెప్పాల్సిన మాట ఇలా ఉండవచ్చు:

“అమ్మా, రేపు లేచి పళ్లు తోముకోగానే, డికాషన్ దించకముందు, థైరాయిడ్ సీసాలోది ఒక మాత్ర గ్లాసు నీళ్లతో వేసుకో. కాఫీ అరగంట ఆగి తాగు. కాఫీతో కలిస్తే ఆ మాత్ర పూర్తిగా పనిచేయదట, నాకూ ఇన్నాళ్లూ తెలియలేదు. కాల్షియం మధ్యాహ్నం భోజనం అయ్యాక వేసుకో.”

ఇందులో ఎప్పుడు, ఏది, ఎన్ని, దేనితో అన్నవన్నీ ఉన్నాయి. తప్పు కాఫీ మీదికి పోయింది, అమ్మ మీదికి రాలేదు. “మర్చిపోకు”, “ఎన్నిసార్లు చెప్పాలి” అన్న మాటల్లో చేయాల్సిన పని ఎక్కడా లేదు, నింద మాత్రం ఉంది. “ఆరింటికి” అనే కంటే “డికాషన్ దించకముందు” అనడం మేలు. గడియారం చూడటం మరిచిపోతారేమో కానీ, కాఫీ మరిచిపోయే తల్లిని నేనింతవరకు చూడలేదు.

ఈ మాట ఏ వేళకు చేరుతుందన్నది కూడా ముఖ్యమే. సాయంత్రం ఏడింటికి మీరు అడిగేసరికి ఆ రోజు మాత్ర వేళ దాటిపోయి పన్నెండు గంటలవుతుంది. అప్పుడిక ఆవిడ చేయగలిగింది సంజాయిషీ చెప్పుకోవడమే. రాత్రి పడుకోబోయే ముందు వాయిస్ మెసేజ్ పెట్టండి. మొదటి వారం రోజూ, ఆ తర్వాత రోజు విడిచి రోజు చాలు. మా నాన్నగారి కోసం నేనోసారి ఫ్రిజ్ మీద “మందులు” అని రాసి అంటించాను. నెల తిరిగేసరికి అది ఫ్రిజ్ రంగులో కలిసిపోయింది, ఆయన కంటికి ఆనలేదు. సీసానే రాత్రి మంచినీళ్ల గ్లాసు పక్కన పెట్టుకోమనండి. పొయ్యి గట్టు మీద మాత్రం వద్దు, వేడికీ తేమకూ ఆ మాత్రలు పాడవుతాయి.

తర్వాత “వేసుకున్నావా?” అని అడగవద్దు. దానికి జవాబు ఎప్పుడూ “ఆఁ” అనే వస్తుంది. ఆదివారం నాడు “సీసాలో ఇంకా ఎన్ని ఉన్నాయమ్మా? కొత్తది పంపాలా?” అనండి. పోయిన వారం 40 అని, ఈ వారం 33 అంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. 36 ఉంటే మూడు తప్పాయి. అప్పుడు కూడా “ఏ రోజుల్లో కుదరలేదు?” అని అడగండి. కార్తీక మాసమని తెల్లవారుజామునే గుడికి బయలుదేరారని తేలవచ్చు, ఆ రోజులకు వేరే గుర్తు వెతుక్కోవచ్చు. తప్పిన మాత్రకు బదులుగా మర్నాడు రెండు వేసుకోవద్దని కూడా చెప్పండి.

పొద్దున కాఫీ ఆపడం తన వల్ల కాదని ఆవిడ అంటే వాదించకండి. రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత వేసుకోవచ్చా అని డాక్టరును అడగండి, కొందరికి అలా మారుస్తారు. వేళ మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ రక్తపరీక్ష చేయించాలి, అంతకన్నా ముందు చేయిస్తే అంకె ఇంకా కుదురుకోదు.

ఒకవేళ ఆవిడ చెప్పిన సంగతే మళ్లీ మళ్లీ చెబుతున్నా, గ్యాసు కట్టేయడం మరిచిపోతున్నా, ఇది మీ మాట తీరుతో తీరేది కాదు. థైరాయిడ్ తక్కువైనా మతిమరుపు రావచ్చు, వేరే కారణమూ ఉండవచ్చు. అప్పుడు ఫోన్లతో సరిపెట్టకుండా మీరే వెళ్లి ఆవిడను డాక్టరుకు చూపించండి.