ఖాళీ ఫ్లాట్ ఫొటోల్లో సోఫాలు పెట్టిస్తే పెట్టిన ఖర్చు తిరిగొస్తుందా?

ప్రశ్న: ఉద్యోగం మారి వేరే ఊరు వచ్చేశాం. పాత ఫ్లాట్ ఖాళీ చేసి అమ్మకానికి పెట్టి నాలుగు నెలలైంది. ఈఎంఐ నడుస్తూనే ఉంది. పన్నెండు ఫొటోల్లోనూ కంప్యూటర్‌లో సోఫాలు, కార్పెట్లు, ల్యాంపులు పెట్టిస్తానని ఏజెంట్ అంటున్నాడు. పనిలో పనిగా హాలు గోడ మీద చెమ్మ మరక చెరిపేసి, టైల్స్ బదులు చెక్క ఫ్లోరింగ్ చూపిద్దామంటున్నాడు. అన్నయ్యేమో నిజం ఫర్నిచరే అద్దెకు తెచ్చి పెట్టమంటున్నాడు. ఏది లాభం మేడమ్?

జవాబు: రెండు ఫొటోలకు మాత్రం పెట్టించండి. మరక, ఫ్లోరింగ్ జోలికి ఎవరినీ వెళ్లనివ్వకండి. అద్దె ఫర్నిచర్ మీ పరిస్థితికి బరువు.

ముందు లెక్క చూద్దాం. ఇలా ఫొటోల్లో కంప్యూటర్‌తో ఫర్నిచర్ పెట్టించే వర్చువల్ స్టేజింగ్ వల్ల ఇంటి ధర పెరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు. అది ఇవ్వగలిగింది ఒక్కటే: ఇల్లు కొన్ని రోజులు ముందుగా అమ్ముడయ్యే అవకాశం. కాబట్టి ఖాళీగా ఉన్న ఒక్కో రోజు మీకు ఎంత ఖర్చవుతోందో తేల్చుకోవాలి. ఇక్కడే చాలామంది ఈఎంఐ మొత్తాన్నీ నష్టం కింద రాసేస్తారు. ఈఎంఐలో అసలు కింద జమయ్యే భాగం మీ డబ్బే, ఇల్లు అమ్మిన రోజు మీకే తిరిగొస్తుంది. పోతున్నది వడ్డీ భాగం. దానికి మెయింటెనెన్స్, కరెంటు కనీస చార్జీ, ఆస్తి పన్ను, బీమా కలపండి. ఇప్పుడు మీరుంటున్న ఇంటి అద్దె మాత్రం కలపొద్దు. ఫ్లాట్ అమ్ముడైనా అది కట్టక తప్పదు కదా.

మీ ఈఎంఐని 100 అనుకుందాం. అందులో వడ్డీ 70, మిగతా ఖర్చులు 10 అయితే, నెలకు మీకు నిజంగా పోయేది 80. అంటే రోజుకు దాదాపు 2.7. అద్దె ఫర్నిచర్‌కు రవాణా, అమరిక కలిపి 60, నెల అద్దె 40 అనుకోండి. మూడు నెలలుంచితే 180 అవుతుంది. ఆ ఖర్చు తిరిగి రావాలంటే ఇల్లు 67 రోజులు ముందుగా అమ్ముడవ్వాలి. పైగా అమ్ముడవని ప్రతి నెలా ఇంకో 40 పెరుగుతుంది. ఒక్కో ఫొటో స్టేజింగ్‌కు 2 అయితే, పన్నెండింటికి 24, అంటే 9 రోజులు. రెండింటికి 4, అంటే రోజున్నర. ఇవి లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలు. ఏజెంట్ ఇచ్చిన కొటేషన్‌ను, మీ లోన్ స్టేట్‌మెంట్‌లోని వడ్డీని వీటి స్థానంలో పెట్టి చూసుకోండి.

రెండే ఎందుకంటే, ఖాళీ గదిలో కంటికి కొలత దొరకదు. మంచం పడుతుందా, సోఫా ఎదురుగా టీవీకి చోటుంటుందా అనేది ఫొటో చూసేవాళ్లకు తెలియదు. ఆ ఇబ్బంది హాలుకు, పెద్ద బెడ్‌రూమ్‌కే ఎక్కువ. వంటింట్లో గట్టు, అల్మరాలు, బాత్‌రూమ్‌లో ఫిటింగులు ఎలాగూ కనిపిస్తాయి. వాటికి డబ్బు పెట్టడం దండగ.

ఇప్పుడు చెమ్మ మరక సంగతి. ఫొటోలో చెరిపేసినా, ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ల మొదటి చూపు దానిమీదే పడుతుంది. ఇంకేం దాచారోనన్న అనుమానం అక్కడే మొదలవుతుంది. ఆ అనుమానంతో వాళ్లు ధరలో తగ్గించమనే మొత్తం, రిపేరు ఖర్చు కంటే చాలా ఎక్కువ ఉండొచ్చు. ఫొటో నమ్మి అడ్వాన్స్ ఇచ్చినవారు తర్వాత మోసపోయామని ఒప్పందం రద్దు చేయమంటే టెన్షన్ మీకే, ఏజెంట్‌కు కాదు. మిగతా పది ఫొటోలకు పెట్టకుండా మిగిల్చిన డబ్బు లీకేజీ ఎక్కడిదో కనుక్కుని ఆపించడానికి, ఆ గోడకు రంగు వేయించడానికి వాడండి. చెక్క ఫ్లోరింగ్ మాటా అంతే. మీరు అమ్మనిదాన్ని ఫొటోలో పెట్టకూడదు. సోఫా, కార్పెట్, ల్యాంపు రేపు ఎవరైనా తెచ్చి పెట్టుకోగలిగినవి. గోడ, కిటికీ, నేల మీరు అమ్ముతున్న సరుకు. గీత అక్కడే గీయండి. పగిలిన టైల్ మీద సరిగ్గా కార్పెట్ పరిచి చూపించడం కూడా ఆ గీత దాటడమే.

పని అప్పగించే ముందు ఫొటో మంచిది తీయించండి. పగటి వెలుగులో, కెమెరాను ఛాతీ ఎత్తున ట్రైపాడ్ మీద పెట్టి, గోడల నిలువు గీతలు నిటారుగా వచ్చేలా తీయాలి. మరీ వైడ్ లెన్స్ వాడితే గది లేని పొడవు చూపిస్తుంది. అందులో ఎంత జాగ్రత్తగా ఫర్నిచర్ అమర్చినా అబద్ధమే అవుతుంది.

పని చేసి ఇచ్చాక కళ్లతో చూసి సరే అనేయకండి. ఇప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫర్నిచర్‌ను అతికించవు, బొమ్మ మొత్తాన్నీ కొత్తగా గీస్తాయి. అప్పుడు కిటికీ ఊచలు ఒకటి తగ్గవచ్చు, స్విచ్‌బోర్డు మాయమవచ్చు, టైల్స్ మధ్య గీతలు జరగవచ్చు. పట్టుకోవడం సులువే. లేయర్లున్న ఏ ఫొటో ఎడిటర్‌లోనైనా అసలు ఫొటో మీద స్టేజింగ్ ఫొటోను ఒకే సైజులో పెట్టి, పై లేయర్ బ్లెండ్ మోడ్‌ను Difference చేయండి. మారని చోటంతా నల్లగా అయిపోతుంది. సోఫా, కార్పెట్, వాటి నీడలు మాత్రం వెలుగుతూ కనిపించాలి. అక్కడక్కడ సన్నటి చుక్కలుంటే ఫైల్ కంప్రెషన్ వల్ల వచ్చినవి, పట్టించుకోనక్కర్లేదు. కిటికీ అంచు వెంబడి గీతలు మెరుస్తున్నా, గోడ మొత్తం బూడిదరంగులో తేలినా ఎవరో వాటిని ముట్టుకున్నారని అర్థం. వెనక్కి పంపండి.

సైజు చూడటానికి టైల్స్ లెక్కపెట్టండి. మీ టైల్ 60 సెంటీమీటర్లదైతే, రెండు మీటర్ల మూడు సీట్ల సోఫా ముందు కాళ్ల దగ్గర దాదాపు మూడున్నర టైల్స్ పొడవు ఆక్రమించాలి. రెండున్నరే ఆక్రమిస్తే అది పిల్లల సోఫా అన్నమాట. గది పెద్దదిగా కనిపించాలని కుదించారు. ఆ గదికి టేపు పట్టుకుని వచ్చిన కొనుగోలుదారుకు ఆ తేడా తెలిసిపోతుంది. కిటికీ వెలుగు ఎడమ నుంచి వస్తుంటే సోఫా నీడ కుడివైపు పడాలి. బాల్కనీ తలుపు తెరుచుకునే దారిలో ల్యాంపు నిలబెట్టారేమో కూడా చూడండి.

ఫొటో కిందే 'ఫర్నిచర్ ఊహాచిత్రం, గది ఖాళీగా ఉంది' అని రాయించి, పక్కనే అసలు ఫొటో పెట్టించండి. డబ్బులో సగం ముందు, సగం ఈ పరీక్షలయ్యాక ఇస్తానని మొదటే మాట్లాడుకోండి.

కొత్త ఫొటోలు పెట్టాక నాలుగు వారాలు ఫోన్లు, చూడటానికి వచ్చినవాళ్లు, ధర అడిగినవాళ్లు ఎంతమందో విడివిడిగా రాసుకోండి. ఫోన్లే రాకపోతే ఫొటోల మీద ఇంకో పైసా పెట్టకండి, మీరడుగుతున్న ధరను మళ్లీ చూడాలి. చాలామంది వచ్చి ఎవరూ ధర అడక్కపోతే, ఫొటోలో కనిపించిన ఇంటికీ లోపలికొచ్చాక కనిపించే ఇంటికీ తేడా ఉంది. అప్పుడు స్టేజింగ్ ఫొటోలు తీసేసి, వచ్చినవాళ్లలో ఇద్దరికో ముగ్గురికో ఫోన్ చేసి ఏం నచ్చలేదో అడగండి.