అద్దె గౌను, కుట్టించే కుర్తా: రెండు రంగులూ ఒకే ఫొటోలో ముందే చూసుకోవడం

ప్రశ్న: మాకు త్వరలో ప్రీవెడ్డింగ్ షూట్ ఉంది. నాకు గౌను అద్దెకు తీసుకుంటాం, తనకు కుర్తా కుట్టిస్తాం. రెండు రంగులూ పక్కపక్కన ఫొటోలో ఎలా పడతాయో డబ్బు కట్టకముందే చూసుకునే దారి ఏదైనా ఉందా?

ఉందండి. మా గండికోట షూట్‌కు ముందు మేం ఇదే పని చేసి రంగులు మార్చుకున్నాం. మొదట చెప్పాల్సిన మాట ఒకటుంది. ముందు అద్దెది ఖాయం చేసుకోండి, కుట్టించేది తర్వాత. అద్దె షాపులో ఉన్న రంగే ఉంటుంది, దాన్ని మీరు మార్చలేరు. కుర్తా బట్ట మాత్రం ఏ షేడ్‌లో కావాలన్నా వెతుక్కోవచ్చు. తిరగేసి చేస్తే, కుట్టేసిన కుర్తాకు సరిపోయే గౌను కోసం షాపులన్నీ తిరగాల్సి వస్తుంది.

నేను అద్దె షాపులో రెండు గౌన్లు అనుకున్నాను, ఒకటి వైన్ రంగు, ఇంకోటి నెమలి నీలం. మా ఆయనకు మస్టర్డ్ కుర్తా మీద మనసు. గౌనులోంచి ముక్క కత్తిరించి ఇవ్వరు కదా, అందుకని మ్యాచింగ్ సెంటర్‌లో ఆ రెండు రంగులకు దగ్గరగా ఉన్న బ్లౌజ్ బిట్లు కొన్ని తీసుకుని మళ్లీ అద్దె షాపుకు వెళ్లాం. గౌనును గుమ్మం దగ్గర పగటి వెలుతురులో పట్టుకుని, దాని మీద బిట్లు పరిచి చూశాం. ఏది గౌనులో కలిసిపోతే అది ఉంచుకున్నాం. లోపలి లైట్ల కింద మాత్రం పోల్చకండి. అక్కడ ఒకేలా కనిపించిన రెండు బట్టలు ఎండలో వేరుగా కనిపించడం మామూలే. కుర్తా కోసం అనుకున్న బట్టల శాంపిల్ ముక్కలు కూడా అలాగే తెచ్చుకున్నాం.

ఇప్పుడు అసలు ఫొటో. ఇద్దరూ మామూలు తెల్ల బట్టలు వేసుకోండి. మీరు పొడవాటి తెల్ల డ్రెస్, ఆయన తెల్ల కుర్తా. క్రీమ్ రంగు వద్దు, దాని పసుపు పైన వేసే ప్రతి రంగులోనూ కలిసి నీలాన్ని పచ్చగా లాగుతుంది. షూట్ ఏ వేళకు అనుకుంటున్నారో ఆ వేళకే డాబా మీద నిలబడి, తల నుంచి కాళ్ల దాకా వచ్చేలా తీయించుకోండి. ఫోన్‌లో వెలుగు కొంచెం తగ్గించి తీయాలి. తెల్ల బట్ట మీద మడతలు కనిపించకుండా అంతా వెలిగిపోతే ఆ ఫొటో పనికిరాదు, రంగు వేసినా అట్టముక్కలా ఉంటుంది. ముఖ్యంగా, తెచ్చుకున్న బిట్లన్నీ పిన్నులతో ఎవరి భుజం మీద వాళ్లవి పెట్టుకోండి. బట్ట ముక్కా మీరూ ఒకే వెలుతురులో, ఒకే ఫొటోలో ఉంటారు కాబట్టి రంగు ఊహించి వేయాల్సిన పని ఉండదు.

రంగు వేయడానికి నేను బ్రౌజర్‌లో పనిచేసే Photopea వాడాను. డబ్బు కట్టక్కర్లేదు. నా డ్రెస్ వరకు సెలెక్ట్ చేసి, దాని మీద ఒక Color Fill లేయర్ వేసి, భుజం మీది బిట్ నుంచి రంగు తీసుకుని, లేయర్ మోడ్‌ను Multiply కి మార్చాను. తెలుపు మీద ఈ మోడ్‌లో రంగు వేస్తే మడతలు, నీడలు అలాగే నిలుస్తాయి. ఆయన కుర్తాకు ఇంకో లేయర్. ఇక ఏ జోడీ చూడాలన్నా ఆ లేయర్ రంగు మారిస్తే చాలు. అయితే వేసిన రంగు బిట్ కంటే కాస్త ముదురుగా వస్తుంది, ఎందుకంటే తెల్ల బట్ట మీద కూడా కొంత నీడ ఉంటుంది. భుజం మీది బిట్‌తో పోల్చుకుంటూ దాన్ని కొంచెం లేతగా జరుపుకోవాలి. ఒకవేళ మీ దగ్గరున్నది ముదురు రంగు డ్రెస్సే అయితే ఈ పని కుదరదు, Multiply ముదురు చేయగలదు కానీ లేత చేయలేదు.

తర్వాత బ్యాక్‌గ్రౌండ్. మా ఫొటోగ్రాఫర్‌ను అడిగితే, గండికోటలో పెన్నా లోయ అంచున సాయంత్రం పూట తీసిన పాత ఫొటో ఒకటి, ఎడిట్ చేయనిది, పంపారు. డాబా గోడ చెరిపేసి దాన్ని మా వెనక పెట్టాను. కటింగ్ నీటుగా రాకపోయినా ఫరవాలేదు, మనం చూసేది రంగునే.

అక్కడే తేలిపోయింది. బిట్లు చేతిలో పట్టుకున్నప్పుడు వైన్, మస్టర్డ్ జోడీ ఎంతో బాగుంది. కానీ సాయంత్రం ఎండలో ఆ రాళ్లు నారింజ, గోధుమ రంగుల్లోకి వస్తాయి. మస్టర్డ్ కుర్తా వాటిలో కలిసిపోయి, ఆయన ముఖం, చేతులు మాత్రమే కనిపించాయి. ఫొటోను బ్లాక్ అండ్ వైట్ చేసి చూస్తే కుర్తా, బండ ఒకే బూడిద రంగు. ఈ పరీక్ష మీరు తప్పకుండా చేయండి. ఫొటోను వాట్సాప్ డీపీ అంత చిన్నది చేసి, రంగు తీసేసి చూడండి. మీరు, ఆయన, వెనక ఉన్నది మూడూ వేరువేరుగా తెలుస్తున్నాయా? ఏ రెండు కలిసిపోయినా అందులో ఒకటి మార్చాలి.

నెమలి నీలం వేయగానే గౌను రాళ్ల మీద నుంచి లేచి వచ్చింది. నారింజకు నీలం ఎదురు రంగు కదా. ఆయనకు అదే నీలం వేసి చూస్తే యూనిఫాం వేసుకున్నట్టు ఉంది. పైగా శాటిన్ గౌను మెరిసినట్టు కాటన్ సిల్క్ మెరవదు, అచ్చంగా అదే షేడ్ కొన్నా ఫొటోలో తేడా వచ్చి ‘కలపాలనుకున్నారు, కలవలేదు’ అనిపిస్తుంది. అందుకే ఐవరీ కుర్తా, దాని మీద గౌను కంటే బాగా ముదురు నీలం కోటు అనుకున్నాం. తేడా కావాలనే పెట్టినట్టు కనిపిస్తే ఎవరూ వంక పెట్టరు. ఐవరీలో కూడా మరీ తెల్లగా ఉన్నది వదిలేసి ఒక మెట్టు తగ్గినది తీసుకున్నాం, లేకపోతే ఎండ పడినప్పుడు కన్ను ముందు కుర్తా మీదికే పోతోంది.

ఈ పద్ధతిలో తెలియనివి కూడా ఉన్నాయి. జరీ, సీక్విన్స్ మెరుపు, పట్టులో రెండు రంగుల దారం కలిసి కదిలినప్పుడల్లా మారే షేడ్, ఇవేవీ ఇందులో రావు. అలాంటి బట్టయితే దాన్నే ఒంటి మీద కప్పుకుని ఎండలో వీడియో తీసి చూడాలి. చిలకాకుపచ్చ, ఫ్లోరోసెంట్ రంగుల ఛాయ గడ్డం కింద, మెడ మీద పడుతుంది, అది కూడా ఇక్కడ కనిపించదు. చూసేటప్పుడు ఫోన్‌లో నైట్ లైట్, ఐ కంఫర్ట్ లాంటివి ఆపేయండి, అవి తెరనంతా పసుపు చేస్తాయి.

చివరగా తయారైన ఆ ఒక్క ఫొటోను ఫొటోగ్రాఫర్‌కు పంపి, ఆయన ఆల్బమ్‌కు వాడే కలర్ గ్రేడింగ్ దాని మీద వేసి ఇమ్మని అడగండి. మాకు పంపినప్పుడు నెమలి నీలం కాస్త పచ్చ వైపు జరిగి వచ్చింది. అది ముందే తెలిసింది కాబట్టి కోటు బట్ట పచ్చ ఛాయ లేని నీలంలో తీసుకున్నాం. కోటు బట్ట మొత్తం ఒకేసారి, ఒకే తాను నుంచి కోయించుకోండి, చాలకపోతే మళ్లీ వచ్చే తాను షేడ్ కాస్త మారొచ్చు. అడ్వాన్స్ మాత్రం ఈ గ్రేడింగ్ ఫొటో చేతికొచ్చాకే కట్టండి.