సప్లయర్‌కి ఆరు నెలల ఫోర్‌కాస్ట్ ఇస్తే ఆ సరుకంతా మన నెత్తిన పడుతుందా?

ప్రశ్న: మేం ట్యాబ్లెట్లు నింపే ప్లాస్టిక్ బాటిళ్లు కొంటాం. ప్రతి నెలా ఆరు నెలల ఫోర్‌కాస్ట్ పంపమని సప్లయర్ అడుగుతున్నాడు. పీఓ ఎలాగూ ఇస్తాం కదా, ముందే నంబర్లు ఇచ్చి ఇరుక్కోవడం ఎందుకు?

షీట్ మీద ఏ నెలకి మీ బాధ్యత ఎంతో రాయకపోతే ఇరుక్కుంటారు. రాసి పంపితే ఇరుక్కోరు. మీ బాధ్యత ఎంతవరకో చెప్పే ఆ గీత ఎక్కడ గీయాలో తేల్చేది మాత్రం బాటిళ్ల ముడిసరుకు, రెజిన్.

ఫార్మా గ్రేడ్ హెచ్‌డీపీఈ రెజిన్ దిగుమతి అయితే ఆర్డర్ పెట్టాక చేతికి రావడానికి 8 నుంచి 10 వారాలు పడుతుందనుకోండి. వచ్చాక టెస్టింగ్, రిలీజ్ ఉంటాయి. అంటే జులైలో ఊదే బాటిళ్లకి రెజిన్ ఏప్రిల్లోనే బుక్ చేయాలి. మీరు జూన్లో ఇచ్చే పీఓ వాళ్ల మెషీన్ షెడ్యూల్‌కి పనికొస్తుంది తప్ప రెజిన్‌కి పనికిరాదు. రెజిన్ కొనేటప్పుడు సప్లయర్ చేతిలో ఉండేది ఏప్రిల్ షీట్‌లోని జులై గడి ఒక్కటే.

అందుకే ఏప్రిల్ షీట్‌లో ఏప్రిల్ నెల పక్కా పీఓ, మార్చడానికి లేదు. మే, జూన్, జులై నెలలకి రెజిన్ వరకే మీ బాధ్యత: దానికోసం కొన్నది 90 రోజుల్లో వాడుకలోకి రాకపోతే మీరు డబ్బు కడతారు, చేయని బాటిళ్లకి కట్టరు. ఆగస్టు, సెప్టెంబర్ అంకెలు మెషీన్, మౌల్డ్ ప్లాన్ చేసుకోవడానికే, వాటికి బాధ్యత ఏమీ లేదు. చాలామంది మూడు నెలలు పక్కా, మూడు నెలలు అంచనా అని ఎక్కడో చూసిన టెంప్లేట్ దించేస్తారు. మీ మెటీరియల్ లీడ్ టైమ్ ఎంతో అడగకుండా గీసిన గీత దేనికీ పనికిరాదు.

ఒక లెక్క చూడండి. 60 సీసీ బాటిల్ బరువు 12 గ్రాములు. ఏప్రిల్, మే షీట్లలో జులైకి 6 లక్షలు రాశారు, అంటే 7.2 టన్నుల రెజిన్. జూన్లో టెండర్ ఖాయమై ఆ అంకె 10 లక్షలైంది. ఇంకో 4.8 టన్నులు కావాలి. ఎనిమిది కేవిటీల మౌల్డ్, 15 సెకన్ల సైకిల్, రోజుకి 20 గంటలు నడిస్తే 38,400 బాటిళ్లు. 25 రోజులకి 9.6 లక్షలు. ఆ మెషీన్ మీకొక్కరికే కేటాయించినా చాలదు. వేరే బ్రాండ్ రెజిన్‌తో సర్దుదామంటే ఎక్స్‌పోర్ట్ ప్రొడక్ట్‌కి ఛేంజ్ కంట్రోల్, స్టెబిలిటీ డేటా అడుగుతారు. ఓవర్‌టైమ్ డబ్బులు ఎంతిచ్చినా రెజిన్ రాదు.

టెండర్ సంగతి సేల్స్ వాళ్లకి ఏప్రిల్లోనే తెలుసు. ఖాయం కాలేదని చెప్పరు! అది ఖాయం కాకపోయినా విడి లైన్‌లో రాయాలి: "టెండర్ వస్తే అదనంగా 4 లక్షలు, జూన్ మొదటి వారంలో తేలుతుంది." 60 సీసీకీ 100 సీసీకీ అదే రెజిన్ వాడుతుంటే, కొంచెం ఎక్కువ తెప్పించి పెట్టమనడం పెద్ద రిస్క్ కాదు. టెండర్ పోయినా తర్వాతి నెలల్లో ఖర్చయిపోతుంది. అందుకే దూరపు నెలలకి సైజుల వారీ అంకెల కన్నా మొత్తం కిలోలు సరిగ్గా ఉండటం ముఖ్యం. ఒక సైజులో తగ్గింది ఇంకో సైజులో పెరిగి సర్దుకుంటుంది.

ఇక సేల్స్ టార్గెట్‌నే ఫోర్‌కాస్ట్ అని పంపడం దీనికన్నా ఘోరం. నెలకి 7 లక్షల బాటిళ్లు నింపాలి, నెలాఖరుకి 1.5 లక్షల స్టాక్ మిగలాలి, చేతిలో 2.5 లక్షలున్నాయి, పాత పీఓలో రావాల్సింది లక్ష. అప్పుడు అడగాల్సింది 5 లక్షలు. 7 అని రాసి 5 తీసుకుంటే మూడు నెలల్లో సప్లయర్ మీ అంకెలో పావు వంతు పైగా కోసి ప్లాన్ చేయడం మొదలుపెడతాడు, మీకు చెప్పడు కూడా. నిజంగా 7 కావాల్సిన నెలలో 5కి సరిపడా రెజినే ఉంటుంది.

ఇది పట్టుకోవాలంటే పాత షీట్లు చెరపకండి, ప్రతి నెలా కొత్త ఫైల్‌గా దాచండి. జులై ముగిశాక ఏప్రిల్ షీట్‌లోని జులై అంకె పక్కన నిజంగా తీసుకున్నది పెట్టండి. తేడా ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తే సేఫ్టీ స్టాక్ చూసుకుంటుంది. వరసగా ఒకే వైపు వస్తుంటే మీ అంకెలో ఎవరో గాలి కొడుతున్నారని అర్థం.

షీట్ పైన రెండు వాక్యాలు తప్పకుండా రాయండి. నెల అంటే సప్లయర్ డిస్పాచ్ చేసే నెలా, మీ గేటు దాటే నెలా? పోయిన నెల రాని లక్ష ఈ నెల అంకెలో కలిసి ఉందా, విడిగా ఉందా? ఈ రెండోది రాయకపోతే ఆ లక్షని మీరొకసారి, వాళ్లొకసారి కలుపుకుంటారు.