రసాయన లేబుళ్ల మీది ప్రమాద కోడ్‌లు H318, H319 రెండింటికీ ఒకే వాక్యం రాయవచ్చా?

"జీడిమెట్లలోని ఒక కంపెనీకి రెండు క్లీనర్ల లేబుళ్లు తెలుగు చేశాను. రెండింటికీ 'కళ్లకు తీవ్ర హాని కలిగిస్తుంది' అని రాస్తే రెండో లేబుల్ తప్పని తిప్పి పంపారు. ఎందుకు?"

రెండు మూలాల్లోనూ ఉన్న 'తీవ్ర' అన్న విశేషణం మిమ్మల్ని పక్కదారి పట్టించింది. తేడా దాని పక్కనున్న నామవాచకంలో ఉంది. H318 అంటే హాని: కన్ను పూర్తిగా కోలుకోకపోవచ్చు. H319 అంటే మంట, ఎరుపు: పరీక్షల్లో 21 రోజుల్లోపు పూర్తిగా తగ్గేది.

1. మొదట ఆ ఉత్పత్తి ప్రమాదాల వివరాలుండే భద్రతా పత్రం 2వ విభాగం తెరిచి కోడ్ చూడండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. లేబుల్ వాక్యాన్ని మాత్రమే చూసి అనువదించేస్తారు. ఒక కోడ్‌కు ఒకే తెలుగు వాక్యం ఉండాలి, అదే వాక్యం ప్రతి ఉత్పత్తిలోనూ రావాలి. ఇక్కడ పర్యాయపదాలతో అందం తేవాలనుకోకండి.

2. ఇలా రాయండి:
H318: కళ్లకు తీవ్రమైన హాని కలిగిస్తుంది.
H319: కళ్లలో తీవ్రమైన మంట, ఎరుపు కలిగిస్తుంది.

3. ప్రమాద తీవ్రతను ఒక్క మాటలో చెప్పే సంకేత పదంతో సరిచూడండి. H318 ఉన్న లేబుల్ మీద 'ప్రమాదం' ఉండాలి. H319 ఒక్కటే ఉంటే 'హెచ్చరిక' చాలు. మీ రెండో లేబుల్ మీద 'హెచ్చరిక' అని ఉండి, కింద 'హాని' అని ఉంటే, తిప్పి పంపినవారు పట్టుకున్నది అదే అయి ఉంటుంది.

4. ప్రథమ చికిత్స వాక్యంలో 'కాంటాక్ట్ లెన్స్ ఉంటే, తేలిగ్గా వస్తే తీసేయండి' అన్నచోట 'తేలిగ్గా వస్తే' అన్నది ఎగిరిపోలేదు కదా? అది లేకపోతే మండుతున్న కంటిలో వేలు పెట్టి లాగుతారు.