వంట పోటీల్లో టెన్షన్ ఎక్కడ తయారవుతుంది?

"సార్, నేను మాస్ కమ్యూనికేషన్ డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. చాప్డ్, మాస్టర్‌చెఫ్ లాంటి వంట పోటీలు వదలకుండా చూస్తాను. వాటిని తయారుచేసే పనిలోకే వెళ్లాలని ఉంది. మా ఇంట్లో మాత్రం అదంతా ముందే రాసిపెట్టిన డ్రామా అంటున్నారు. నిజమేనా? నాకు అందులో ఏ ఉద్యోగం సరిపోతుంది?"

తీర్పు సెట్‌లో ఆ రోజే అయిపోతుంది. ఫుటేజీ ఎడిటర్ చేతికి వచ్చేసరికి ఎవరు ఇంటికి వెళ్లారో యూనిట్‌లో అందరికీ తెలుసు. కాబట్టి ఎడిటర్ చివరి నుంచి వెనక్కి నడుస్తాడు. ఓడిన వంటకంలో తప్పు ఎక్కడ జరిగిందో వెతికి పట్టుకుని, దాన్ని ప్రేక్షకుడికి చూపించీ చూపించనట్టు ముందు భాగంలో పెడతాడు. మీరు నేర్చుకోవాల్సిన పని ఇదే. దీని పేరు స్టోరీ ఎడిటింగ్.

చాప్డ్‌నే తీసుకుందాం. అమెరికాలో ఫుడ్ నెట్‌వర్క్‌లో 2009లో మొదలైంది. నలుగురు చెఫ్‌లు, మూడు రౌండ్లు, ప్రతి రౌండ్‌కీ ఒక బుట్టలో ఊహించని దినుసులు. మొదటి రౌండ్‌కి 20 నిమిషాలు, మిగతా రెండింటికీ 30 నిమిషాల చొప్పున గడువు. ముగ్గురు జడ్జీలు రుచి, అలంకరణ, సృజన చూసి రౌండ్‌కి ఒకరిని పంపేస్తారు. గంట స్లాట్‌లో ప్రకటనలు పోగా మిగిలేది ముప్పావు గంట లోపే. అందులో మూడు రౌండ్ల వంట, రుచి చూడటం, తీర్పు, చెఫ్‌ల కథలు అన్నీ పట్టాలి.

లెక్క కోసం సెట్‌లో ఎనిమిది కెమెరాలు ఉన్నాయనుకోండి. 30 నిమిషాల వంట నాలుగు గంటల ఫుటేజీ అవుతుంది. తెరమీద ఆ వంటకి దక్కేది ఐదారు నిమిషాలు. అంత ఫుటేజీలో కావాల్సిన క్షణం దొరకాలంటే షూటింగ్ జరుగుతున్నప్పుడే ఎవరో ఒకరు టైమ్‌కోడ్, అంటే ఫుటేజీలో ప్రతి క్షణానికీ ఉండే సమయ సంఖ్య, పక్కన నోట్స్ రాసుకుంటూ ఉండాలి. దాన్ని లాగింగ్ అంటారు. ఎడిటర్లలో కొందరు మొదట లాగర్లే.

నేను విద్యార్థులకు క్లాసులో ఇచ్చే ఉదాహరణ ఒకటి చెబుతాను. రెండో రౌండ్‌లో ముగ్గురున్నారు. మొదటి కౌంటర్ చెఫ్ చేపల పులుసు పెట్టాడు, జడ్జీలు ఉప్పెక్కువైందని అతన్ని పంపేశారు. మూడో కౌంటర్ చెఫ్ సాస్ 12వ నిమిషంలో మాడింది, ఆవిడ గిన్నె మార్చి మళ్లీ మొదలుపెట్టి గట్టెక్కింది. లాగ్ తిరగేస్తే మొదటి చెఫ్ 9వ నిమిషంలో ఒకసారి, 21వ నిమిషంలో ఇంకోసారి ఉప్పు వేశాడని తెలుస్తుంది. రెండోసారి వేసే ముందు రుచి చూడలేదు.

చేయి తిరిగిన ఎడిటర్ మొదటి ఉప్పును మామూలుగా చూపిస్తాడు. రెండోది సెకనున్నర షాట్, మాటా మ్యూజిక్కూ లేకుండా పక్క కౌంటర్ హడావిడి మధ్యలో వెళ్లిపోతుంది. మాడిన సాస్‌ని మాత్రం పొగతో, జడ్జి ముఖంతో, చెఫ్ కంగారుతో తీరిగ్గా చూపిస్తాడు. ఇంట్లో అందరూ "మూడో ఆవిడ పోయినట్టే" అనుకుంటారు. తీర్పులో ఉప్పు మాట రాగానే, చూసిన షాట్ గుర్తొస్తుంది. ఇక్కడ ప్రేక్షకుడిని దారి తప్పించారు తప్ప మోసం చేయలేదు, ఎందుకంటే అసలు కారణం అతని కళ్ల ముందే పెట్టారు. అదే ఆ రెండో ఉప్పు షాట్‌ని తీసేస్తే తీర్పు అన్యాయంగా కనిపిస్తుంది, జడ్జీకి చెడ్డపేరు వస్తుంది. నా దృష్టిలో అది ఎడిటర్ చేసే పెద్ద తప్పు.

ఇక చెఫ్‌లు కెమెరా వైపు చూస్తూ "నాకింకా ఆరు నిమిషాలే ఉన్నాయి" అని చెప్పే ముక్కలు. వాటిని బైట్ అంటారు. అవి వంట అయ్యాక విడిగా కూర్చోబెట్టి తీసినవే. ప్రశ్న అడిగే నిర్మాత గొంతు తర్వాత తీసేస్తారు కాబట్టి, జవాబులోనే ప్రశ్న కూడా వచ్చేలా, ఇప్పుడే జరుగుతున్నట్టు వర్తమానంలో చెప్పమంటారు. గమనించండి, కౌంటర్ దగ్గర చెమటలు కక్కుతున్న మనిషి బైట్‌లో తలదువ్వుకుని ప్రశాంతంగా ఉంటాడు. బైట్ మధ్యలో ముఖం తప్పించి చేతుల్ని గానీ గిన్నెల్ని గానీ చూపించారంటే, అక్కడ మాట అతికించి ఉండవచ్చు. రెండు వేర్వేరు జవాబుల్లోని ముక్కలు కలిపితే గొంతు స్థాయి కాస్త మారుతుంది, చెవి పెడితే తెలిసిపోతుంది. నిడివి తగ్గించడానికి అతకడం అందరూ చేసేదే. ఒక వంటకం గురించి అన్నమాటను ఇంకో వంటకానికి అతికించమని ఎవరైనా అడిగితే మాత్రం ఒప్పుకోకండి.

రుచి చూసే ఘట్టం గురించి కూడా చెప్పాలి. గంట మోగగానే జడ్జీలు తినరు. లైట్లు, కెమెరాలు సర్దాలి, ప్లేట్‌ని విడిగా క్లోజప్‌లో తీయాలి. చాప్డ్‌లో ముగ్గురు జడ్జీలకు మూడు ప్లేట్లు, ఇవి కాక నాలుగోది కూడా చెఫ్‌లు పెట్టేది అందుకే. ఈలోపు కూర చల్లారుతుంది. మాస్టర్‌చెఫ్ లాంటి చోట జడ్జీలు వంట జరుగుతుండగానే కౌంటర్ల మధ్య తిరుగుతూ వేడివేడిగా రుచి చూస్తారు. జడ్జీల చర్చ సెట్‌లో చాలాసేపు నడిచినా, మనకి కనిపించేది ఒకటి రెండు నిమిషాలే. ఎడిటర్ ఒక్కొక్కరి వంటకం మీద ఒక మెప్పు, ఒక లోపం ఉంచి, తీర్పును తేల్చే మాటను దాచిపెడతాడు. అన్నీ మెప్పులే ఉంచితే ఎవరు గట్టెక్కారో బ్రేక్‌కి ముందే తెలిసిపోతుంది.

మీ ఇంట్లోవాళ్ల అనుమానం పూర్తిగా ఉత్తిదేం కాదు. అమెరికాలోని ఇంకో వంట పోటీ టాప్ చెఫ్ చివరి టైటిల్స్‌లోనే జడ్జీలు నిర్మాతలతో సంప్రదించి నిర్ణయాలు తీసుకున్నారని వేస్తారు. అయితే అమెరికాలో పోటీదారులకు జవాబులు ముందే చెప్పిన 1950ల క్విజ్ షోల కుంభకోణం తర్వాత, జ్ఞానం లేదా మేధా నైపుణ్యం మీద జరిగే పోటీ ఫలితాన్ని మోసంతో ముందే నిర్ణయించడం 1960 నుంచి నేరం. మన దగ్గర కూడా ఇలాంటి పని ఉంది. 2021లో జెమినీ టీవీలో మాస్టర్‌చెఫ్ తెలుగులో వచ్చింది.

ఉద్యోగం విషయానికొస్తే, మీకు వంట కూడా బాగా వస్తే ఫుడ్ ప్రొడ్యూసర్ వైపు చూడండి. బుట్టలోని దినుసులతో 30 నిమిషాల్లో నిజంగా వంట అవుతుందా అని ముందే వండి చూసేది వాళ్లే. ఎవరికి ఏం జరిగిందో గుర్తుపెట్టుకోవడమే మీ బలమైతే లాగర్‌గా చేరి, అసిస్టెంట్ ఎడిటర్, తర్వాత ఎడిటర్ లేదా స్టోరీ ప్రొడ్యూసర్ అవ్వండి. పుణెలోని ప్రభుత్వ సినిమా, టీవీ శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐ టీవీ విభాగంలో డిగ్రీ తర్వాత చేసే ఏడాది ఎడిటింగ్ కోర్సు ఉంది. అది చేస్తే ఎడిట్ సూట్‌లో పని తొందరగా అందుతుంది.

దరఖాస్తు పెట్టేలోగా ఒక పని చేయండి. ఇంట్లో ఇద్దరి చేత ఒకే కూర 20 నిమిషాల్లో వండించి, రెండు ఫోన్లతో తీయండి. పక్కన కూర్చుని నిమిషం నిమిషానికీ లాగ్ రాయండి. బైట్లు తర్వాత తీసుకోండి. ఇంకొకరి చేత రుచి చూపించి, తీర్పు చెప్పించండి. దాన్ని నాలుగు నిమిషాలకు కట్ చేసి, ఫలితం తెలియని నలుగురికి చూపించి, మూడో నిమిషంలో ఆపి ఎవరు గెలుస్తారని అడగండి. నలుగురూ ఒకే పేరు చెబితే అది గెలిచినవాళ్లదైనా, ఓడినవాళ్లదైనా మళ్లీ కట్ చేయాలి. చివరిదాకా చూశాక "ఇదేం తీర్పు" అని ఎవరైనా అంటే మీ లాగ్ తెరవండి, ఏ షాట్ వదిలేశారో అందులో దొరుకుతుంది.